దండెం దగ్గర ఆపేయాలి

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. వాళ్లలో ఎక్కువమంది గెలుపు కోసం నిలబడలేదు. తాగే నీళ్లలోని ఫ్లోరైడు తమ ఊళ్లను ఏం చేస్తోందో దేశానికి తెలియాలని, జలసాధన సమితి ఉద్యమంలో భాగంగా నామినేషన్లు వేశారు. అన్ని పేర్లు ఒక కాగితం మీద పట్టవు కాబట్టి బ్యాలెట్టు పుస్తకంలా తయారైంది. ఆ ఉద్యమంలో ఎవరెవరు ఏం మాట్లాడారో మరిచిపోయినవాళ్లకు కూడా పుస్తకమంత బ్యాలెట్టు సంగతి చెబితే విషయం అర్థమైపోతుంది. దాని కింద మరో వ్యాఖ్య రాయాల్సిన అవసరం లేదు.

ఇదే నేల నుంచి తమ ఇంటి గురించి, ఊరి గురించి, అమ్మానాయినల గురించి వ్యాసాలు రాస్తున్నవాళ్లు మాత్రం తరచుగా ఆ వ్యాఖ్య దగ్గరకే వెళ్లి ఆగుతారు. మూడు పేజీలపాటు వాళ్ల నాయినమ్మ కనిపిస్తుంది, వాళ్ల వాకిలి కనిపిస్తుంది, మాట కూడా వాళ్ల ఇంటి మాటే. నాలుగో పేజీ చివర్లో హఠాత్తుగా ఎవరో మైకు పట్టుకుంటారు. ‘ఇకనైనా పాలకులు కళ్లు తెరవాలి’, ‘నీటి విలువ తెలియని జాతికి భవిష్యత్తు లేదు’, ‘మూలాలు మరిచినవాడు మనిషే కాదు’. ఈ మాటలు తప్పని కాదు. వాటిని ఎవరైనా ఎక్కడైనా అనవచ్చు. ముందు మూడు పేజీలు మాత్రం ఆ ఒక్క మనిషే రాయగలిగినవి. ఈ అధ్యాయం ఆ చివరి పేరా గురించే.

అలవాటు బడిలో మొదలవుతుంది. పరీక్షలో వ్యాసం అంటే ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు. ముగింపులో ఒక హితవు ఉంటేనే మార్కులు పడతాయని ప్రతి పిల్లవాడికీ తెలుసు. దానికంటే ముందు పెద్దబాలశిక్ష, శతక పద్యాలు, కింద ‘నీతి’ అని విడిగా అచ్చువేసిన కథలు. అక్కడ నీతి ఉండటం సబబే. కాకి, నక్క, కుందేలు ఆ నీతి చెప్పడం కోసమే పుట్టాయి. నాయినమ్మ అందుకోసం పుట్టలేదు. ఆమె బతుకును చివర్లో ఒక వాక్యానికి ఉదాహరణగా మారిస్తే, చదివేవాడికి ఆ వాక్యమే మిగిలి ఆమె పోతుంది.

నల్లగొండ, పాలమూరు రచయితలకు దీనికి తోడు మరో కారణం ఉంది, దాన్ని గౌరవంగానే చూడాలి. ఫ్లోరోసిస్, వలస, కరువు, ప్రాజెక్టుల కింద మునిగిన ఊళ్లు ఇక్కడి వ్యాసాలకు వస్తువులు. ఇంత బాధ రాసి, ఏమీ అడగకుండా ఆపేస్తే ఊరికి ద్రోహం చేసినట్టు ఉంటుందని రచయితకు అనిపిస్తుంది. అడగాల్సిందే. కాకపోతే అడగాల్సిన చోటు చివరి పేరా కాదు. అది ఎక్కడో ఒక ముసాయిదాను ముందు పెట్టుకుని చూస్తేనే తెలుస్తుంది.

ఈ అధ్యాయం కోసం కల్పించిన ముసాయిదా ఇది. మర్రిగూడ వైపు ఒక ఊరి అమ్మాయి నాయినమ్మ గురించి నాలుగు పేజీలు రాసింది అనుకుందాం. మొదటి పేజీలో పొద్దున్నే బిందెలు పట్టుకుని బోరింగు దగ్గరకు పోవడం. రెండో పేజీలో నాయినమ్మ ఒళ్లు బిగుసుకుపోవడం. మెడ తిరగదు, పిలిస్తే మనిషంతా తిరిగి చూడాలి. కింద కూర్చుంటే లేవలేదు. చేతులు భుజాల పైకి లేవవు. మూడో పేజీలో ఇంటికి కృష్ణ నీళ్ల నల్లా రావడం, ఆ తరువాతి ఏడు నాయినమ్మ చనిపోవడం. నాలుగో పేజీలో ఆ అమ్మాయి అద్దంలో తన పళ్ల మీది గోధుమరంగు చారలు చూసుకోవడం, అన్న కొడుకు పళ్లు తెల్లగా ఉండటం గమనించడం. ఆ తరువాత ముగింపు:

‘నాయినమ్మ పోయి ఐదేళ్లు అయింది. ఆమె జీవితం నాకు గొప్ప పాఠం నేర్పింది. ప్రభుత్వాలు మారినా పేదల బతుకులు మారలేదు. నీటి విలువ తెలుసుకోని సమాజం ఎన్నటికీ బాగుపడదు. ఇకనైనా మనమందరం మేల్కోవాలి.’

ఈ ఐదు వాక్యాలను ముందు పేజీలతో పోల్చి చదివితే అసలు చిక్కు బయటపడుతుంది. బతుకులు మారలేదని ఇక్కడ ఉంది. మూడో పేజీలో నల్లా వచ్చింది, నాలుగో పేజీలో పిల్లవాడి పళ్లు తెల్లగా ఉన్నాయి. మారింది. ఆలస్యంగా మారింది, నాయినమ్మ ఒంటికి ఏమాత్రం ఉపయోగపడకుండా మారింది. అసలు వ్యాసం ఆ ఆలస్యం గురించే. నీతి వాక్యం దాన్ని చూడలేకపోయింది, ఎందుకంటే అది ఈ వ్యాసంలోంచి రాలేదు, బయట తయారుగా ఉన్నదాన్ని తెచ్చి అతికించారు. బలవంతపు నీతిలో ఉన్న పెద్ద లోపం ఇదే. అది వినడానికి బాగుండదని కాదు, చాలాసార్లు వ్యాసంలో చెప్పిన నిజానికే అడ్డం పడుతుంది. ముగింపులో ‘ఎన్నటికీ’, ‘మనమందరం’, ‘సమాజం’ లాంటి మాటలు కనబడగానే వెనక్కి వెళ్లి మూడో పేజీతో సరిపోతుందో లేదో చూడటం మంచిది.

నీతి వద్దని ఎవరైనా చెబితే చాలామంది రెండో తప్పు చేస్తారు:

‘సూర్యుడు పడమటి గుట్టల వెనక్కి జారుకున్నాడు. ఎండిన చెట్టు కొమ్మపై ఒంటరి పక్షి. నాయినమ్మ లేని వాకిట్లో నిశ్శబ్దం గడ్డకట్టింది...’

సూర్యుడు అన్ని ఊళ్లలోనూ పడమటే దిగుతాడు. ఆ పక్షి ముందు పేజీల్లో ఎక్కడా వాలలేదు, చివర్లో దుఃఖం కోసం పిలిపించారు. అంతవరకు ‘బోరింగు’, ‘బిందె’ అని రాసిన చెయ్యి ‘నిశ్శబ్దం గడ్డకట్టింది’ దగ్గర వేషం మార్చింది. చివరి మూడు చుక్కలు ఇంకా ఏదో ఉందని చెప్పి, ఉన్నదేమిటో చెప్పవు. ఇది కూడా నీతే. ‘మేల్కోండి’ అనే బదులు ‘బాధపడండి’ అంటోంది.

పనికొచ్చే దృశ్యం బయటి నుంచి రాదు. అది ముసాయిదాలో అప్పటికే ఉంటుంది, మధ్యలో ఎక్కడో ఒక పని చేసుకుంటూ. కాబట్టి చేయాల్సిన మొదటి పని కొత్తగా రాయడం కాదు, ముసాయిదాను మళ్లీ చదివి అందులో చేతికి తగిలే వస్తువులన్నిటి కిందా గీత గీయడం. ఈ ముసాయిదాలో నాలుగు దొరుకుతాయి: బోరింగు, బిందె, పళ్లు, దండెం.

బోరింగు తుప్పు పట్టిందని ముగించవచ్చు. ఫ్లోరైడు ఊళ్ల మీద రాసేవాళ్లకు మొదట తట్టేది అదే. బిందె మొదటి పేజీలో ఉంది కానీ దానికి ఆ తరువాత ఏమీ జరగలేదు. పళ్లు బలమైన వివరం. పంటి పైపొర చిన్నతనంలోనే, దాదాపు ఎనిమిదేళ్ల లోపు తయారవుతుంది. అప్పుడు తాగిన నీళ్ల ఫ్లోరైడు చారగా నిలిచిపోతుంది, తరువాత ఎంత మంచి నీళ్లు తాగినా పోదు. అంటే ఆ అమ్మాయి పళ్లు చూసి ఆమె ఏ కాలంలో పెరిగిందో చెప్పవచ్చు. అయినా ఇది చివరికి నిలవదు. ఆమె పళ్లు ఒకవైపు, పిల్లవాడి పళ్లు ఒకవైపు పెడితే అది అప్పుడు-ఇప్పుడు పట్టికలా తయారవుతుంది. చదివేవాడు ఒకే ఒక్క తీర్మానానికి రాగలడు. పైగా పంటి పైపొర సంగతి వివరించకపోతే అర్థం కాదు. వివరించాల్సిన దృశ్యాన్ని చివర్లో పెట్టకూడదు. నాలుగో పేజీలో దాని చోట దాన్ని ఉండనివ్వాలి.

మిగిలింది దండెం. రెండో పేజీలో దాని గురించి ఉన్నది ఇంతే:

‘చేతులు పైకి లేవకపోయేసరికి నాయిన దండెం తాడు విప్పి నడుము ఎత్తుకు కట్టిండు. నా బట్టలు నేనే ఆరేసుకుంట బిడ్డా అన్నది నాయినమ్మ.’

ఆ రెండు వాక్యాల్లో జబ్బు ఉంది, కొడుకు చేసిన పని ఉంది, ఎవరి మీదా ఆధారపడనన్న ముసలామె పట్టుదల ఉంది. ఎక్కడా ఆ పేర్లు లేవు. దండెం అక్కడ దాని అవసరం కొద్దీ వచ్చింది, ముగింపు కోసం దాచిపెట్టిన వస్తువులా కనబడదు. ఇక్కడ గనక ‘ఆ దండెం మా నాయిన ప్రేమకు గుర్తు’ అని రాసి ఉంటే అది చివరికి పనికిరాకుండా పోయేది. అర్థం ముందే ఖర్చయిపోయిన వస్తువు తిరిగి వచ్చినా పాఠకుడికి కొత్తగా ఏమీ ఇవ్వదు. మధ్యలో ఒక్కసారి, మామూలుగా, ఒక పని మీద రావాలి. చివర్లో వచ్చేటప్పటికి దాని పరిస్థితిలో ఒక్క తేడా ఉండాలి. దండెం విషయంలో ఆ తేడా ఏమిటంటే, ఎవరి కోసం కిందికి దించారో ఆ మనిషి లేదు.

కొత్త ముగింపు మొదట ఇలా వచ్చిందనుకోండి:

‘మొన్న దసరాకు పోయినప్పుడు వదిన బట్టలు ఆరేస్తున్నది. దండెం ఇంకా నడుము ఎత్తుకే ఉంది. చీర నేలకు తగలకుండా మడత పెట్టి వేసింది.’

దాదాపు కుదిరింది, కానీ ఇందులో ఒక పొరపాటు ఉంది. రోజూ బట్టలు ఆరేసే ఆడవాళ్లెవరైనా పట్టేస్తారు. చీర పన్నా మీటరుకు కాస్త ఎక్కువ. తాడు పొడవునా పరిచి వేస్తే రెండు వైపులా అర మీటరు చొప్పున వేలాడుతుంది. నడుము ఎత్తు దండెం మీద అది నేలకు తగలదు. తగిలేది దుప్పటి. రెండు మీటర్లు దాటే దుప్పటిని సగానికి వేస్తే ఒక్కో వైపు మీటరుకు పైగా దిగి, మట్టిలో పడుతుంది. కాబట్టి:

‘మొన్న దసరాకు పోయినప్పుడు వదిన బట్టలు ఆరేస్తున్నది. దండెం ఇంకా నడుము ఎత్తుకే ఉంది. దుప్పటి నేలకు తగలకుండా నాలుగు మడతలు పెట్టి వేసింది.’

దృశ్యంతో ముగించేవాళ్లు ఈ కొలతల పనిని చిన్నచూపు చూడకూడదు. నీతి వాక్యం అబద్ధమైనా ఎవరూ పట్టించుకోరు. దృశ్యం మాత్రం ఒక్క చోట తేడా వచ్చినా మొత్తం నమ్మకం పోతుంది, ఎందుకంటే చివర్లో దాన్ని కాపాడటానికి పక్కన వేరే వాక్యం ఉండదు. వస్తువు ఎత్తు, బరువు, ఆ నెలలో వాతావరణం, ఆ పని ఎవరు ఏ వేళ చేస్తారు అన్నవి సరిచూసుకోవాలి. గుర్తు లేకపోతే ఊరికి ఫోన్ చేసి అడగాలి.

ఇక్కడ చెయ్యి ఆగదు. ‘దాన్ని పైకి కట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు’ అని మరో వాక్యం రాయాలనిపిస్తుంది. చాలా మంచి ముగింపులు ఆ ఒక్క వాక్యంతోనే పాడవుతాయి. దండెం అక్కడే ఎందుకుందో పాఠకుడికి తెలియదు. మనసొప్పక కావచ్చు, తీరిక లేక కావచ్చు, అలవాటైపోయి కావచ్చు, వదినకు అది ఎప్పుడూ అక్కడే ఉన్నట్టు తెలిసి ఉండవచ్చు. ఈ అన్నిటికీ చోటు ఉండటమే ఆ దృశ్యం బలం. మనసొప్పలేదని రాయగానే మిగతావన్నీ మూసుకుపోతాయి.

మరి అడగాల్సినది? అది మూడో పేజీకి వెళ్తుంది. నల్లా వచ్చిన పేరాలోనే, తాగే నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని, నల్లా నీళ్లు రాని రోజుల్లో ఇంకా బోరు నీళ్లే తాగే ఇళ్లు ఉంటే వాటిని పరీక్ష చేయించాలని సూటిగా రాయవచ్చు. అక్కడ ఆ మాటకు పక్కనే ఆధారం ఉంటుంది. చివర్లో మైకులో వినిపించినప్పుడు దాటేసే పాఠకుడు కూడా అక్కడ ఆగి చదువుతాడు.

తెలుగులో ఈ పనికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. వాక్యం ఎక్కువగా క్రియతో ముగుస్తుంది. వ్యాసం చివరి మాట సాధారణంగా క్రియే అవుతుంది, దాంతో ఎంత మంచి వస్తువును చూపించినా ఆఖరున వినబడేది క్రియ. ‘నడుము ఎత్తు దండెం చూస్తే నాయినమ్మ గుర్తొచ్చింది’ అని రాస్తే పాఠకుడి చూపు దండెం మీది నుంచి తప్పుకుని రచయిత మనసులోకి పోతుంది. అనిపించింది, అర్థమైంది, గుర్తొచ్చింది, కళ్లు చెమర్చాయి అనేవన్నీ ఇదే పని చేస్తాయి. వేసింది, కట్టాడు, తీసుకుపోయింది, పెట్టి వచ్చింది లాంటివి చూపును వస్తువు మీదే ఉంచుతాయి. ‘ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది’ అనే ముగింపు కూడా ఎవరో ఒకరి కంటిని మధ్యలోకి తెస్తుంది. సవరించేటప్పుడు చివరి వాక్యంలో ఆఖరి మాట ఒక్కటే చూసి, అది చేతులు చేసే పనా మనసు చేసే పనా అని తేల్చుకుంటే చాలాసార్లు సమస్య అక్కడే తీరిపోతుంది.

దృశ్యాలకూ అరుగుదల ఉంది. పాలమూరు వలస మీద రాసేవాళ్లకు తాళం వేసిన ఇల్లు వెంటనే అందుతుంది. కోస్గి, నారాయణపేట వైపు నుంచి ముంబయి, పుణెలకు పనులకు పోయిన కుటుంబాల ఇళ్లకు తాళాలుండటం నిజమే. కానీ ఆ తాళం కథల్లో, పాటల్లో, వార్తాపత్రికల ఫొటోల్లో ఎన్నోసార్లు వచ్చింది. చూసిన పాఠకుడు వెంటనే ‘వలస’ అని చదివేసి ముందుకు పోతాడు. అలాంటప్పుడు ఆ వస్తువుకు పక్కనే ఉన్నదాన్ని వెతకాలి. తాళం ఉంటే చెవి ఎక్కడో ఉండాలి. అది ఎవరి దగ్గర ఉంది? ఊళ్లో మిగిలిపోయిన ముసలావిడ ఇంట్లో, ఒకే మేకుకు నాలుగైదు ఇళ్ల తాళంచెవులు వేలాడుతుంటే, ఏది ఎవరిదో ఆమె రంగు దారాలు కట్టి గుర్తుపెట్టుకుంటే, అది ఆ ఒక్క ఊరి వ్యాసం అవుతుంది.

ఒక్కోసారి వస్తువు ఇంట్లో కాకుండా చరిత్రలో దొరుకుతుంది. శ్రీశైలం జలాశయం కింద పాత మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు మునిగాయి. కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గరి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాళ్లు విప్పి, అలంపురానికి తరలించి మళ్లీ కట్టారు. మునిగిన ఊరి నుంచి వచ్చిన కుటుంబం గురించి రాసే వ్యక్తి అలంపురం వెళ్లి ఆ గుడిని చూస్తే, రెండు సంగతులు పక్కపక్కన పెడితే చాలు: గుడి రాళ్లు ఒక్కొక్కటీ ఇక్కడికి వచ్చాయి, తాత కట్టిన ఇంటి దూలాల్లో ఒక్కటి కూడా రాలేదు. మధ్యలో ‘కానీ’ అనే మాట కూడా అక్కర్లేదు. ‘దేవుడికున్న విలువ మనిషికి లేదు’ అనే వాక్యం ఇక్కడ గొంతుదాకా వస్తుంది. అది రాస్తే, గుడి బతికినందుకు కూడా సంతోషించిన తాత ఆ వ్యాసంలో ఇమడడు. చాలా కుటుంబాల్లో అలాంటి తాతలు ఉన్నారు.

ఈ పద్ధతి అన్ని రచనలకూ సరిపడదు. సురవరం ప్రతాపరెడ్డి 1926లో మొదలుపెట్టిన గోలకొండ పత్రికకు రాసిన సంపాదకీయాల వంటివాటి పని వాదించి ఒక తీర్పు దగ్గరకు చేర్చడం. వాటిని దృశ్యంతో ముగిస్తే వాదన తప్పించుకున్నట్టవుతుంది. నీళ్ల పరీక్ష ఎలా చేయించాలో చెప్పే వ్యాసమూ అంతే, చివర్లో ఆఫీసు పేరు ఉండాలి గానీ దండెం కాదు. స్వానుభవ వ్యాసంలో కూడా, రచయిత నిజంగా ఒక నిర్ణయానికి వచ్చి, అందుకు దారి వ్యాసమంతా చూపించి ఉంటే, ఆ నిర్ణయాన్ని మామూలు మాటల్లో చెప్పి ఆపవచ్చు. అది బలవంతపు నీతి కాదు. వ్యాసం సంపాదించుకోని మాటను చివర్లో కట్టబెట్టడమే బలవంతం.

తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. చివరి పేరా మీద కాగితం కప్పి మిగతా వ్యాసాన్ని ఆ ఊరు ఎరిగిన మనిషి ఒకరికి చదివి వినిపించాలి. ‘అయిపోయిందా, తరువాత ఏమైంది?’ అని అడిగితే ఒక సంఘటన ఇంకా రాయాల్సి ఉంది. నీతి కలిపితే ఆ లోటు తీరదు. వినగానే వాళ్లు తమ ఇంట్లో జరిగినదేదో చెప్పడం మొదలుపెడితే, కాగితం కింద ఉన్నది అక్కర్లేదు. కాగితం తీసి చదివిన తరువాత ‘బాగా చెప్పినవ్’ అని మెచ్చుకుంటే జాగ్రత్తపడాలి. వాళ్లు మెచ్చుకున్నది ఉపన్యాసాన్ని కావచ్చు, నాయినమ్మను కాకపోవచ్చు.

మీ దగ్గర ఇలాంటి ముసాయిదా ఉంటే, ఈ వారమే చివరి నుంచి ఐదు వాక్యాలు కొట్టేసి, వాటిని వేరే కాగితం మీద రాసి పెట్టుకోండి. వాటిలో అడగాల్సినది ఏదైనా ఉంటే దానికి ఆధారం ఉన్న పేరా వెతికి అక్కడ చేర్చండి. తరువాత మిగిలిన ఆఖరి వాక్యం చదవండి. చాలా ముసాయిదాల్లో ముగింపు అక్కడే, ఎప్పుడో రాసి ఉంటుంది.